డబ్బు కట్టినా తెరుచుకోని పాఠాలు: ₹11,800 వెనక్కి రాబట్టిన తీరు – నా అనుభవం

హనుమకొండలో ఉంటూ ఒక ఆన్‌లైన్ వేదికలో డేటా అనలిటిక్స్ కోర్సుకు జూన్ 2న డబ్బు కట్టాను. ఫీజు ₹10,000, దాని మీద 18 శాతం జీఎస్టీ ₹1,800, మొత్తం ₹11,800. వీసా డెబిట్ కార్డుతో ఒకేసారి చెల్లించాను. కోర్సు పేజీలో రాసిన మాట స్పష్టంగా ఉంది: డబ్బు కట్టగానే 64 రికార్డెడ్ పాఠాలు తెరుచుకుంటాయి, జూన్ 9 నుంచి వారానికి రెండు లైవ్ క్లాసులు ఉంటాయి. బిల్లు మెయిల్‌కు వచ్చింది, యాప్‌లో కోర్సు నా పేరు మీద కనిపించింది. పాఠాలు మాత్రం తెరుచుకోలేదు. జూలై 28న పూర్తి డబ్బు నా ఖాతాలో పడింది. ఈ ఎనిమిది వారాల్లో ఏ అడుగు ఎప్పుడు వేయాలో, ఎక్కడ వేస్తే పని చెడిపోతుందో వివరంగా రాస్తున్నాను. మన దగ్గర పోటీ పరీక్షలకూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకూ ఇలా యాప్‌లలో ఫీజు కట్టేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది ఫిర్యాదును మొదటి వాక్యంలోనే తప్పుగా రాస్తున్నారు.

ముందుగా తేల్చుకోవాల్సింది, తాళం ఎందుకు పడింది అన్నది. దీనికి కారణాలు మూడు నాలుగు రకాలు ఉంటాయి. ఏ కారణమో తెలియకుండా రీఫండ్ అడిగితే అవతలివాళ్లు నెపం మన ఫోన్ మీదికి నెట్టేస్తారు. పాఠం మీద తాళం గుర్తుతో పాటు కొనుగోలు బటన్ ఇంకా కనిపిస్తోందంటే, మీ చెల్లింపు ఆ లాగిన్‌కు ముడిపడలేదని అర్థం. చాలాసార్లు దీనికి కారణం రెండు ఖాతాలు. డబ్బు కట్టేటప్పుడు ఫోన్ నంబరు ఓటీపీతో లాగిన్ అయి, తర్వాత గూగుల్ ఖాతాతో లోపలికి వెళ్తే యాప్ మిమ్మల్ని ఇద్దరు మనుషులుగా లెక్క వేస్తుంది. ఒకసారి లాగౌట్ అయి బిల్లు మీదున్న ఫోన్ నంబరుతో లోపలికి వెళ్తే సమస్య అక్కడే తీరిపోవచ్చు. ఇక తాళం లేకుండా పాఠం తెరుచుకుని, వీడియో నడవబోయి ఎర్రర్ చూపిస్తే అది ఫోన్‌కు సంబంధించిన విషయం. వీడియోలు కాపీ కాకుండా పెట్టే రక్షణ వల్ల డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉన్నా, రూట్ చేసిన ఫోన్ అయినా కొన్ని యాప్‌లు వీడియో నడపవు. ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్ బ్రౌజర్‌లోనో చూస్తే తేలిపోతుంది.

నాకు పడిన తాళం ఈ రెండు రకాలదీ కాదు. కొనుగోలు బటన్ లేదు, కోర్సు కొన్నట్టే చూపిస్తోంది. కానీ పాఠాల పేర్ల పక్కన తాళం, దాని కింద `Coming soon`. దగ్గరగా చూస్తే ఇంకొకటి కనిపించింది. మొదటి మూడు పాఠాల పక్కన నిడివి ఉంది. నాలుగో పాఠం నుంచి 64వ పాఠం దాకా నిడివి ఉండాల్సిన చోట `00:00` అని ఉంది. అంటే తాళం వెనక వీడియోనే లేదు. పాఠాల పేర్లు మాత్రం వరుసగా రాసిపెట్టి, 61 పాఠాలు అసలు ఎక్కించకుండానే కోర్సు అమ్మారు. ఆ `00:00` కనిపించే స్క్రీన్‌షాట్ తర్వాత నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. దాన్ని చూపించాక ఫోన్ లోపమనో, ఇంటర్నెట్ లోపమనో అనడానికి వాళ్లకు వీల్లేకపోయింది.

ఆధారాలు మొదటి రోజే తీసుకోవాలి. ఫిర్యాదు వెళ్లగానే అవతలివాళ్లు పేజీ మార్చేస్తారు. నేను దాచుకున్నవి ఇవి: కోర్సు పేజీని బ్రౌజర్‌లో ప్రింట్ ఇచ్చి పీడీఎఫ్‌గా దాచాను. అలా చేస్తే పేజీ చిరునామా, తేదీ అంచుల్లో అచ్చవుతాయి. ప్రింట్ సెట్టింగుల్లో హెడర్స్ అండ్ ఫుటర్స్ అన్న గడికి టిక్ పెట్టాలి, లేకపోతే ఆ రెండూ రావు. తర్వాత ఒక స్క్రీన్ రికార్డింగ్ చేశాను. ముందు ఫోన్‌లో తేదీ, సమయం చూపించి, యాప్ తెరిచి, ప్రొఫైల్‌లో నా ఫోన్ నంబరు చూపించి, కోర్సులోకి వెళ్లి, పైనుంచి కింది దాకా మెల్లగా జరుపుతూ ఒక్కో తాళం మీద నొక్కాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. నాలుగు నిమిషాలు వచ్చింది. స్క్రీన్‌షాట్లు కత్తిరించినవని అనడం సులువు, ఆపకుండా తీసిన రికార్డింగ్‌ను అలా అనలేరు.

తెరుచుకున్న ఆ మూడు పాఠాల సంగతి వేరేగా చెప్పాలి. తర్వాత వాళ్లు వాదనగా పట్టుకున్నది వాటినే: ‘మీరు లాగిన్ అయి పాఠాలు చూశారు, సేవ వాడుకున్నారు, కాబట్టి రీఫండ్ లేదు’ అని. ఆ మూడూ డెమో పాఠాలు. డబ్బు కట్టనివాళ్లకూ తెరుచుకుంటాయి. ఈ మాట నోటితో చెబితే చాలదని మా చిన్నమ్మ కొడుకు ఫోన్‌లో కొత్తగా ఖాతా తెరిపించి, ఒక్క రూపాయి కట్టకుండా అవే మూడు పాఠాలు నడిపించి రికార్డు చేశాను. రెండు ఫోన్ల తెరలు పక్కపక్కన పెట్టి ఒకే ఫొటోలో తీశాను. ఒక ఖాతా ₹11,800 కట్టింది, ఇంకోటి ఏమీ కట్టలేదు, రెండింటిలోనూ తెరుచుకున్నవి అవే మూడు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఫిర్యాదులో వాడాల్సిన మాట దగ్గరికి వస్తాను. యాప్‌లో హెల్ప్ నొక్కితే ఒక ఫారం వస్తుంది. అందులో కారణం ఎంచుకోమంటుంది: కోర్సు నచ్చలేదు, సమయం కుదరడం లేదు, పొరపాటున కొన్నాను, ఇతరములు. చాలామంది తొందరలో ‘క్యాన్సిల్ చేయాలి’ అన్నదాన్ని నొక్కుతారు. అది నొక్కిన క్షణం నుంచి మీ కేసు వాళ్ల రీఫండ్ నిబంధన కిందికి పోతుంది. ఆ నిబంధనలో ‘ఏడు రోజుల్లోపు’, ‘రెండు పాఠాలకు మించి చూడకపోతే’ లాంటి షరతులు ఉంటాయి, లేదంటే ‘రీఫండ్ ఇవ్వబడదు’ అనే ఉంటుంది. ఆ షరతులన్నీ సరుకు అందాక మనసు మార్చుకున్నవాళ్ల కోసం రాసినవి. మనకు సరుకే అందలేదు. అందుకే నేను ‘ఇతరములు’ ఎంచుకుని ‘డబ్బు తీసుకున్నారు, సేవ అందించలేదు’ అని రాశాను. తర్వాత కంపెనీ మెయిల్‌లోనూ, హెల్ప్‌లైన్‌లోనూ, బ్యాంకు ఫారంలోనూ, నోటీసులోనూ ఇదే మాట వాడాను. ఒకచోట ‘క్యాన్సిల్’, ఇంకోచోట ‘అందలేదు’ అని రాస్తే, మీరే మనసు మార్చుకున్నారని చెప్పడానికి మీ మాటే వాళ్లకు ఆధారం అవుతుంది.

జూన్ 3న టికెట్ పెడితే మర్నాడు జవాబు వచ్చింది: ‘టెక్నికల్ టీమ్ చూస్తోంది, రెండు మూడు రోజుల్లో సరవుతుంది.’ జూన్ 7న మళ్లీ అదే జవాబు. జూన్ 9న లైవ్ క్లాసు లింకు కూడా రాలేదు. అప్పటిదాకా ఆగడంలో తప్పులేదు. ఆ తేదీ దాటాక ఇక ఆగకూడదు. వాట్సాప్‌లో మాట్లాడే కౌన్సెలర్ ‘వచ్చే సోమవారం పక్కా అండి’ అంటూనే ఉంటాడు. అతని పని అమ్మడం వరకే, డబ్బు వాపసు చేసే అధికారం అతనికి ఉండదు. అయినా ఆ వాట్సాప్ మాటలు దాచుకోండి. ‘ఇంకా అప్‌లోడ్ అవుతున్నాయి’ అని అతను రాసిన ఒక్క లైను, పాఠాలు లేవని కంపెనీ మనిషే ఒప్పుకున్నట్టు.

ఆ తర్వాత, అసలు అమ్మింది ఎవరో తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది. యాప్ మీద ఒక పేరు ఉంటుంది. ప్లేస్టోర్‌లో ఆ యాప్ కింద డెవలపర్ పేరు ఇంకోటి ఉంటుంది, ఎందుకంటే చిన్న సంస్థలు సొంతంగా యాప్ తయారుచేసుకోకుండా వేరే కంపెనీ యాప్‌ను తమ పేరు పెట్టుకుని వాడతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మూడో పేరు కనిపిస్తుంది, అది పేమెంట్ గేట్‌వేది. ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలంటే, బిల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల మీద. బిల్లులో జీఎస్టీ నంబరు 15 అక్షరాలు ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: 36 అయితే తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్, 29 కర్ణాటక. నా బిల్లులో 29 ఉంది. `services.gst.gov.in` లో ఆ నంబరు కొడితే కంపెనీ చట్టబద్ధమైన పేరు, రిజిస్టర్ చేసిన చిరునామా, రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోందా రద్దయిందా అన్నవి వచ్చేస్తాయి. లాగిన్ అవసరం లేదు. బెంగళూరు చిరునామా అక్కడే దొరికింది. బిల్లే ఇవ్వకపోతే మెయిల్ రాసి అడగండి. ఇవ్వకపోవడం కూడా ఫిర్యాదులో చేర్చాల్సిన అంశమే.

ఇదే చోట ఒక హెచ్చరిక. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. అలా వెతికితే దొరికే నంబర్లలో మోసగాళ్లవి ఉంటాయి. రీఫండ్ ఇస్తామని యూపీఐ పిన్ కొట్టమన్నా, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

జూన్ 11న కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పంపాను. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థా తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, గ్రీవెన్స్ ఆఫీసరు పేరు, సంప్రదించే వివరాలు సైట్‌లో పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. సాధారణంగా ఇవి సైట్ అడుగున నిబంధనల పేజీలోనో, ప్రైవసీ పేజీ చివరనో దాగి ఉంటాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అందుకే సపోర్టు టికెట్ల మీదే ఆధారపడకుండా ఈ అధికారికి మెయిల్ వెళ్లాలి. గడువు లెక్కపెట్టడానికి మన చేతిలో ఒక తేదీ ఉంటుంది.

మెయిల్ ఇంగ్లీషులోనే రాశాను, కంపెనీ బెంగళూరులో ఉంది కాబట్టి. మన మాటల్లో దాని సారం ఇది:

“జూన్ 2న ఫలానా ఆర్డర్ నంబరు కింద ₹11,800 చెల్లించాను. చెల్లించిన వెంటనే 64 పాఠాలు, జూన్ 9 నుంచి లైవ్ క్లాసులు అని మీ పేజీ చెబుతోంది, ప్రతి జతచేశాను. ఈ రోజు వరకు 61 పాఠాలు అందలేదు, వాటి నిడివి 00:00 చూపిస్తోంది. తెరుచుకున్న మూడూ అందరికీ ఉచితంగా ఉన్నవే. లైవ్ క్లాసు ఒక్కటీ జరగలేదు. ఇది క్యాన్సిలేషన్ కోరడం కాదు, సేవ అందించకపోవడం మీద ఫిర్యాదు. పూర్తి ₹11,800 అదే కార్డుకు జూన్ 20లోపు తిరిగి జమచేయండి. ఇక మీదట పాఠాలు తెరిచినా నాకు అవసరం లేదు, వాడను.”

ఆఖరి వాక్యం చాలా అవసరం. ఫిర్యాదు ముదిరే సమయానికి ఒక రాత్రి హఠాత్తుగా పది పదిహేను పాఠాలు తెరుస్తారు. అప్పుడు ఆత్రంగా ఒకటి నొక్కి చూస్తే, ఆ తేదీతో చూసినట్టు వాళ్ల సర్వర్‌లో నమోదవుతుంది. నా విషయంలో జూన్ 18 రాత్రి 12 పాఠాలు తెరుచుకున్నాయి. నేను ఒక్కటీ నొక్కలేదు. పాఠాల పట్టిక మాత్రం స్క్రీన్‌షాట్ తీసి, ‘నేను ఫిర్యాదు పంపాక 12 పాఠాలు తెరిచారు, 49 ఇంకా 00:00లోనే ఉన్నాయి’ అని మెయిల్‌కు జోడించాను. మీకు నిజంగా కోర్సే కావాలనుకుంటే అది వేరే దారి. రెండూ ఒకేసారి కుదరవు.

48 గంటలు గడిచినా అందినట్టు జవాబు రాలేదు. జూన్ 16న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేశాను. 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. నేను `consumerhelpline.gov.in` లో పెట్టాను, కాగితాలు జతచేయడం అక్కడ సులువు. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు వచ్చింది. ఇది కోర్టు కాదు, ఆదేశం ఇవ్వదు. ఫిర్యాదును కంపెనీకి పంపించి జవాబు తెప్పిస్తుంది. అయితే ఆ జవాబు రాతపూర్వకంగా ఉంటుంది కాబట్టి కంపెనీ ఏ వాదన మీద నిలబడుతుందో అక్కడే బయటపడుతుంది. నాకొచ్చిన జవాబు: ‘వినియోగదారుడు మూడు పాఠాలు చూశారు. నిబంధనల ప్రకారం రీఫండ్ వర్తించదు. సద్భావంతో ₹8,000 ఇవ్వగలం.’ లెక్క కూడా రాశారు: ₹10,000లో 20 శాతం నిర్వహణ ఖర్చు తీసేస్తారట, జీఎస్టీ ₹1,800 ‘ప్రభుత్వానికి కట్టేశాం కాబట్టి తిరిగి రాదు’ అట.

మూడు పాఠాల మాటకు రెండు ఫోన్ల ఫొటో జతచేశాను. జీఎస్టీ మాట చాలామందిని నోరు మూయిస్తుంది, అది నిజం కాదు. సేవ అందించకుండా డబ్బు వాపసు చేస్తే అమ్మినవాళ్లు పాత బిల్లును తగ్గించే క్రెడిట్ నోట్ ఇచ్చి, కట్టిన పన్నును తమ లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు. సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ అందుకోసమే ఉంది. దానికి గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30. అంటే ఈ జూన్ బిల్లుకు వచ్చే ఏడాది నవంబరు దాకా సమయం ఉంది. నెల తిరగకుండానే ‘జీఎస్టీ పోయింది’ అంటే మన జేబులోంచి కోయడమే. ఇక 20 శాతం ఖర్చు: అందించని సేవకు నిర్వహణ ఖర్చు ఉండదు. నేను ₹8,000 వద్దని రాశాను. కొందరికి నగదు బదులు యాప్‌లోనే వాడుకునే కాయిన్లో, ఇంకో కోర్సు కూపనో ఇస్తామంటారు. ఒప్పుకుంటే వివాదం తీరినట్టే రాసుకుంటారు, జాగ్రత్త.

జూన్ 20 గడువు దాటాక, 25న బ్యాంకుకు వెళ్లాను. కార్డుతో కట్టినవాళ్లకు ఇది బలమైన దారి, తక్కువమందికి తెలిసిన దారి కూడా. కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడాన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో ‘సేవ అందలేదు’ అన్నది వివాదానికి ఒక ప్రత్యేకమైన కారణం. వీసాలో దాని కోడ్ `13.1`. గడువు సాధారణంగా 120 రోజులు, సేవ అందాల్సిన తేదీ నుంచి లెక్క. కంపెనీ ‘వచ్చే వారం, వచ్చే వారం’ అంటూ నాలుగు నెలలు గడిపేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది. అందుకే తేదీ రాసిపెట్టుకోవాలి.

నక్కలగుట్టలోని మా బ్రాంచిలో కౌంటరు దగ్గర మొదట వచ్చిన మాట: “ఓటీపీ మీరే కొట్టిండ్రు కద సార్, మేమేం చేస్తం?” ఆమె తప్పు కూడా లేదు. అక్కడికి వచ్చే కార్డు ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మోసం కేసులు, నాదీ అలాంటిదే అనుకుంది. “మేడం, మోసం అంటలేను. లావాదేవీ నేనే చేసిన. కొన్నది వాళ్లు ఇయ్యలే. డిస్ప్యూట్ ఫారం ఇయ్యండి, సేవ అందలేదు అన్న కారణం కింద” అన్నాను. ఫారం దొరికింది. మోసం అనే గడిలో టిక్ పెడితే కేసు తప్పుదారి పడుతుంది. ఓటీపీ మీదే అని తేలగానే కొట్టేస్తారు, కార్డు కూడా బ్లాక్ అవుతుంది.

ఫారంలో లావాదేవీ తేదీ, మొత్తం, స్టేట్‌మెంట్‌లో ఉన్నట్టే వ్యాపారి పేరు, సేవ అందాల్సిన తేదీ, కంపెనీతో పరిష్కారానికి చేసిన ప్రయత్నాలు రాయాలి. సేవ అందాల్సిన తేదీ దగ్గర జూన్ 9 రాశాను, అది పేజీలో అచ్చయి ఉంది కాబట్టి. జతచేసినవి ఆరు: బిల్లు, కోర్సు పేజీ పీడీఎఫ్, `00:00` స్క్రీన్‌షాట్, రెండు ఫోన్ల ఫొటో, గ్రీవెన్స్ మెయిల్, హెల్ప్‌లైన్‌లో కంపెనీ ఇచ్చిన జవాబు. ముప్ఫై పేజీల చాట్ పెట్టలేదు. అవతల చూసేవాడు ఐదు నిమిషాల్లో తేల్చగలిగేలా ఉండాలి. ఫారం ఇచ్చినట్టు రిఫరెన్సు నంబరు తీసుకున్నాకే బయటికి వచ్చాను. బ్యాంకు ఫిర్యాదే తీసుకోకపోతే రాతపూర్వకంగా ఇచ్చి, 30 రోజులు చూసి, `cms.rbi.org.in` లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. అది బ్యాంకు మీద ఫిర్యాదు మాత్రమే, కోర్సు కంపెనీ మీద అక్కడ నడవదు.

యూపీఐతో కట్టినవాళ్లు లావాదేవీ తెరిచి, అదే యాప్‌లో వివాదం నమోదు చేయాలి, 12 అంకెల రిఫరెన్సు నంబరుతో బ్యాంకుకూ రాయాలి. అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. ఖాతాలో డబ్బు కోతపడి, కంపెనీకి చేరినట్టు నిర్ధారణే రాకపోతే అది విఫలమైన లావాదేవీ. ఆర్‌బీఐ నియమం ప్రకారం ఐదు రోజుల్లో దానంతట అదే వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకు ₹100 పరిహారం. డబ్బు చేరి, ఆర్డర్ నంబరు వచ్చి, పాఠాలు మాత్రం రాకపోతే ఆ నియమం పనిచేయదు. ఆ ₹100 కోసం రాస్తే బ్యాంకు కుదరదంటుంది, అసలు విషయం పక్కకు పోతుంది.

బ్యాంకు పని నడుస్తుండగా జూలై 3న హనుమకొండ హెడ్ పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్టులో నోటీసు పంపాను, జీఎస్టీ సైట్‌లో దొరికిన చిరునామాకు. లాయరుతో ఇప్పించలేదు. నోటీసు తప్పనిసరి అని చట్టంలో లేదు, కానీ వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే 15 రోజులు అవకాశం ఇచ్చామని చూపించడానికి పనికొస్తుంది. ఒక్క పేజీ రాసి, చివర ‘లేకపోతే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను’ అన్నాను.

దానికి వాళ్ల మెయిల్ మూడు అభ్యంతరాలు చెప్పింది. ఒకటి, వివాదాలు బెంగళూరు కోర్టుల్లోనే అని నిబంధనల్లో ఉందట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట కేసు వేయొచ్చు. కంపెనీ ఎక్కడుందన్నది అడ్డం కాదు. రెండు, వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ షరతు ఉందట. ఆ షరతు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడాన్ని ఆపదని 2018లో ఎమార్ ఎంజీఎఫ్, అఫ్తాబ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు, చదువు ‘సేవ’ కిందికి రాదట. ఈ మూడోది వింటే భయమేస్తుంది, ఎందుకంటే విద్యాసంస్థల విషయంలో అలాంటి తీర్పులు ఉన్నాయి. కానీ 2020 జనవరిలో మను సోలంకి కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ విద్యాసంస్థలను పక్కన పెడుతూనే, కోచింగ్ సంస్థలు చట్టం కిందికి వస్తాయని విడిగా చెప్పింది. డబ్బు తీసుకుని పాఠాలు అమ్మే యాప్‌ను విశ్వవిద్యాలయంతో సమానం చేయలేరు. ఇవి మూడూ నాలుగు లైన్లలో తిరిగి రాశాను.

కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే `e-jagriti.gov.in` లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. చెల్లించిన మొత్తం ₹5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. నేను అఫిడవిట్‌తో సహా కాగితాలు సిద్ధం చేసుకున్నాను, వేయాల్సిన అవసరం రాలేదు.

జూలై 14న కంపెనీ నుంచి ఫోన్. “సార్, పూర్తి ₹11,800 ఇచ్చేస్తాం. ముందు మీరు బ్యాంకులో పెట్టిన డిస్ప్యూట్ వాపసు తీసుకోండి.” చాలా కేసులు ఇక్కడే చేజారిపోతాయి. డబ్బు వస్తోందన్న సంతోషంలో వివాదం ఉపసంహరించుకుంటే, అదే లావాదేవీ మీద మళ్లీ పెట్టడం దాదాపు కుదరదు. కంపెనీ ఆ తర్వాత మాట తప్పితే మనం మళ్లీ మొదటి మెట్టు దగ్గర ఉంటాం. అయితే వాళ్ల భయంలో కూడా న్యాయం ఉంది. వాళ్లు నేరుగా డబ్బు పంపి, ఛార్జ్‌బ్యాక్ కూడా నెగ్గితే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. దీనికి ఇద్దరికీ సరిపోయే దారి ఒకటే: వాళ్లు విడిగా రీఫండ్ చేయకుండా, ఛార్జ్‌బ్యాక్‌ను ఎదిరించకుండా ఒప్పుకోవాలి. అదే మాట ఫోన్లో చెప్పి, వెంటనే మెయిల్ చేశాను: “బ్యాంకు వివాదాన్ని అంగీకరించండి. మీ నుంచి వేరే చెల్లింపు నాకు అవసరం లేదు. ₹11,800 ఖాతాలో పడిన రోజే హెల్ప్‌లైన్ ఫిర్యాదు ముగిస్తాను.” ‘ఇక ఎలాంటి దావా లేదు’ అన్న పత్రం పంపి సంతకం అడిగారు. జమ అయ్యాకే అని జవాబిచ్చాను.

ఛార్జ్‌బ్యాక్ పెట్టకుండా నేరుగా రీఫండ్ ఒప్పుకున్నవాళ్లయితే ‘రీఫండ్ ప్రారంభించాం’ అన్న స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి. కార్డు రీఫండ్‌కు 23 అంకెల ఏఆర్ఎన్ అనే నంబరు ఉంటుంది. అది అడగండి. నంబరు ఇచ్చారంటే డబ్బు బయల్దేరినట్టు, దాన్ని చూపిస్తే బ్యాంకు ఎక్కడుందో వెతకగలదు. ఇవ్వలేకపోతే ఇంకా బయల్దేరలేదని అనుకోవచ్చు.

నెలవారీ వాయిదాల మీద కొన్నవాళ్ల పరిస్థితి కొంచెం వేరు. కోర్సు కంపెనీకి ఫీజు మొత్తం అప్పుడే ఒక రుణ సంస్థ కట్టేసి ఉంటుంది, మనం కడుతున్నది ఆ అప్పు. కోపంతో వాయిదా ఆపేస్తే దెబ్బ మన సిబిల్ మీద పడుతుంది, కంపెనీకి ఏమీ కాదు. అలా కొన్నవాళ్లు ఫిర్యాదును కంపెనీతో పాటు రుణ సంస్థకూ అదే రోజు పంపి, రుణం రద్దు చేసి కట్టిన వాయిదాలు తిరిగి ఇవ్వాలని అడగాలి. తేలిన తర్వాత రుణం మూసినట్టు లేఖ తీసుకోవాలి.

జూలై 28న ఖాతాలో ₹11,800 జమ అయింది, వివరణలో బ్యాంకు వివాదం నంబరు ఉంది. ఆ రోజే హెల్ప్‌లైన్ డాకెట్ ముగించాను. కంపెనీకి రాసి క్రెడిట్ నోట్ ప్రతి తెప్పించుకున్నాను, ఆ యాప్‌లో దాచి ఉన్న నా కార్డు తొలగించాను, ఆ తర్వాతే ఖాతా మూసేశాను.